600 కోట్ల జమ, 850 కోట్ల బాకీ: ఒక పింఛను నిధి బదిలీ కేస్ స్టడీ

డబ్బు చేతికి వచ్చినప్పుడో చేయి దాటినప్పుడో మాత్రమే లెక్క రాసే నగదు పద్ధతి నుంచి, హక్కయినా బాకీ అయినా పుట్టిన రోజే రాసే అక్రూవల్ పద్ధతికి ఒక ప్రభుత్వం మారుతున్నప్పుడు, తొలి బ్యాలెన్స్ షీట్ తయారుచేసే బృందంలో నేను పనిచేశాను. ఆ పనిలో ఆస్తుల లెక్కకు ఎక్కువ కాలం పట్టింది. మా కళ్లు తెరిపించింది మాత్రం ఒకే ఒక్క జమ వోచర్. ఆ ప్రభుత్వం ఏదో, ఆ సంస్థ ఏదో చెప్పను. అంకెలను కూడా గుర్తుపట్టడానికి వీల్లేకుండా, లెక్క చెడకుండా మార్చాను.

వోచర్ మేము వెళ్లడానికి మూడేళ్ల ముందుది. ఒక ప్రభుత్వ సంస్థ తన ఉద్యోగుల పింఛను నిధిని మొత్తంగా ప్రభుత్వానికి అప్పగించింది. నిధి పెట్టుబడులన్నీ అమ్మి 600 కోట్లు ఖజానాకు కట్టింది. వోచర్ మీద పద్దు పేరు 'ఇతర రాబడి'. వివరం గడిలో 'పింఛను నిధి బదిలీ, ఒప్పందం ప్రకారం' అని ఒక్క లైను. ఒప్పందం కాపీ తెప్పించి చూస్తే రెండో పేజీలో అసలు విషయం ఉంది: రిటైరైనవాళ్లకూ, సర్వీసులో ఉన్నవాళ్లకూ ఇప్పటిదాకా లెక్కకొచ్చిన పింఛను, ఇకపై లెక్కకొచ్చే పింఛను, అంతా ఇకనుంచి ప్రభుత్వమే ఇస్తుంది.

నగదు పుస్తకానికి ఆ రెండో పేజీతో పని లేదు. డబ్బు వచ్చిందా లేదా అన్నదే దానికి కావాలి. ఆ ఏడాది ప్రభుత్వం ఖర్చు రాబడికన్నా 1,000 కోట్లు ఎక్కువ. ఈ 600 కోట్లు కలిపాక లోటు 400 కోట్లకు దిగింది. చట్టసభకు వెళ్లిన లెక్కల్లో అదే అంకె. ఎవరూ అబద్ధం రాయలేదు. ఆడిటర్ వోచర్ చూశాడు, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిపోల్చాడు, టిక్కు పెట్టాడు. నగదు పద్ధతి నియమాల ప్రకారం అది శుద్ధమైన లెక్క.

ఇలాంటి బదిలీ మొదటిసారి జరిగిందేమీ కాదు. యూరో కూటమిలో చేరడానికి లోటును జీడీపీలో 3 శాతం లోపు చూపించాల్సిన 1997లో, ఫ్రాన్స్ ప్రభుత్వం ఫ్రాన్స్ టెలికామ్ ఉద్యోగుల పింఛను బాధ్యతను తీసుకుని, బదులుగా 3,750 కోట్ల ఫ్రాంకులు పుచ్చుకుంది. బెల్జియం 2003లో టెలికాం సంస్థ బెల్గాకామ్ పింఛను నిధిని తీసుకుంది, అందులో 500 కోట్ల యూరోలు వచ్చాయి. బ్రిటన్ 2012లో తపాలా సంస్థ రాయల్ మెయిల్ పింఛను పథకం నుంచి సుమారు 2,800 కోట్ల పౌండ్ల ఆస్తులు తీసుకుంటే, వాటితోపాటు నెత్తిన పడిన బాధ్యత సుమారు 3,800 కోట్ల పౌండ్లు. అప్పటి గణాంక నియమాల ప్రకారం ఆ 2,800 కోట్లు ఆ ఏటి ప్రభుత్వ అప్పు అవసరాన్ని తగ్గించినట్టే లెక్కకొచ్చింది. యూరప్ జాతీయ ఆదాయ గణాంకాల నియమావళి ఈఎస్‌ఏ 2010 వచ్చాక ఈ దారి మూసుకుపోయింది. ఇప్పుడు అలా వచ్చిన డబ్బును రాబడిగా కాక, ముందే తీసుకున్న సొమ్ముగా, అంటే బాకీగా రాయాలి.

మా కేసుకు తిరిగొస్తాను. తొలి బ్యాలెన్స్ షీట్‌లో ఈ పింఛను బాకీని ఎంతకు రాయాలి? దీనికి ఆయుష్షు, వడ్డీ అంచనాలతో భవిష్యత్తు చెల్లింపుల విలువ కట్టే నిపుణుడు, అంటే యాక్చువరీ కావాలి, యాక్చువరీకి డేటా కావాలి. అడిగింది చిన్న జాబితానే: ఒక్కో మనిషికి పుట్టినతేదీ, చేరినతేదీ, జీతం లేదా పింఛను, జీవిత భాగస్వామి ఉన్నారా లేదా. మొత్తం 9,000 మంది. 3,600 మంది సర్వీసులో, 5,400 మంది పింఛనులో.

ఫైలు వచ్చిన రోజే నేను చేసే మొదటి పని, పుట్టినతేదీల వారీగా ఎంతమంది ఉన్నారో లెక్కబెట్టడం. 3,600 మందిలో ఒక్కో తేదీకి సగటున పదిమంది పుట్టి ఉండాలి. ఈ ఫైల్లో జనవరి 1న పుట్టినవాళ్లు 412 మంది. అందరూ ఒకే సంవత్సరం, 1970. పాత కాగితాల నుంచి కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు తేదీ కనబడనివాళ్లకు సాఫ్ట్‌వేర్ తనంతట తానే వేసిన తేదీ అది. సర్వీసు పుస్తకాలు తెప్పించి చూస్తే వాళ్లు సగటున ఆరేళ్లు పెద్దవాళ్లు. అంటే ఆరేళ్లు ముందే రిటైరవుతారు, వాళ్ల పింఛను ఆరేళ్లు ముందే మొదలవుతుంది. తేదీలు సరిచేశాక బాకీ 884 కోట్ల నుంచి 899 కోట్లకు పెరిగింది. 15 కోట్ల తేడా ఒక డిఫాల్ట్ తేదీ వల్ల.

పింఛనుదారుల ఫైల్లో ఇంకో వింత. నూరేళ్లు దాటినవాళ్లు 61 మంది. 5,400 మందిలో అంతమంది శతాధికులు ఉండటం నమ్మదగ్గ విషయం కాదు. చాలామంది చనిపోయారు, ఎవరూ చెప్పలేదు, ఖాతాలో డబ్బు పడుతూనే ఉంది. ఇక్కడ నాకు ఆసక్తిగా తోచిన సంగతి ఒకటుంది. ఈ 61 పేర్లు తీసేస్తే బాకీ తగ్గింది కోటి దగ్గర మాత్రమే. ఎందుకంటే నూరేళ్లు దాటిన మనిషి ఇంకెంతకాలమో బతకడని లెక్క ముందే అనుకుంటుంది. 899 కోట్లలో కోటి కనబడదు. కానీ నగదు వైపు ఏటా దాదాపు అరకోటి కారిపోతోంది. వాల్యుయేషన్ పట్టించుకోని లోపాన్ని పింఛను చెల్లింపు రిజిస్టరు ఒక్క పూటలో పట్టించింది. పింఛను బాకీ మీద పనిచేసేవాళ్లు యాక్చువరీ రిపోర్టు ఒక్కటే చదివి లేచిపోకూడదని అప్పటినుంచి నా పట్టు.

డేటా కుదుటపడ్డాక బదిలీ జరిగిన రోజుకు బాకీ ఎంత ఉండి ఉంటుందో వెనక్కి లెక్కగట్టించాం. భవిష్యత్తు చెల్లింపులను ఆ రోజు విలువలోకి కుదించే డిస్కౌంట్ రేటు 4 శాతం మీద 850 కోట్లు. ఆ రోజే అక్రూవల్ పుస్తకాలు ఉండి ఉంటే ఎంట్రీ ఇలా పడేది: నగదు 600 డెబిట్, పింఛను బాకీ 850 క్రెడిట్, తేడా 250 ఆ ఏటి నష్టంగా డెబిట్. 1,000 కోట్ల లోటు 400 కాదు, 1,250 అయ్యేది. ఒకే ఒప్పందం, ఒకే రోజు. ఒక పుస్తకం 600 కోట్ల లాభం చూపిస్తే ఇంకోటి 250 కోట్ల నష్టం చూపిస్తుంది.

ఆ తర్వాతి ఏడాది కూడా రెండు పుస్తకాలు వేరే కథలే చెప్తాయి. 850 మీద 4 శాతం వడ్డీ 34 కోట్లు. ఆ ఏడాది ఉద్యోగులు చేసిన పనికి కొత్తగా లెక్కకొచ్చిన పింఛను 22 కోట్లు. పింఛనుదారులకు ఇచ్చింది 40 కోట్లు. 850కి 34, 22 కలిపి 40 తీసేస్తే ఏడాది చివర 866. నగదు లెక్కలో ఖర్చు 40. అక్రూవల్ లెక్కలో ఖర్చు 56. ఏటా పింఛను చెల్లిస్తూనే ఉన్నారు, అయినా బాకీ పెరుగుతూనే ఉంది. మూడేళ్లకు 898 అయింది. వడ్డీ అంటే ఎవరికీ కట్టేది కాదు. రిటైర్మెంటు ఒక ఏడాది దగ్గరపడినందుకు బాకీ పెరిగే మోత అది. ఖజానా అధికారులకు ఇదే మింగుడుపడదు. "మేం ఎవరి దగ్గరా అప్పు తీసుకోలేదు కదండీ, వడ్డీ ఏమిటి?" అని ఒక సీనియర్ అధికారి నన్ను అడిగారు. "తీసుకున్నారు సార్. 600 కోట్లు తీసుకున్నారు. వాయిదాలు మొదలైపోయాయి" అన్నాను. ఆయన నవ్వలేదు.

ఇంతవరకు చదివితే అక్రూవల్ పద్ధతే నిజం చెప్తుందనిపిస్తుంది. మేము తొలి బ్యాలెన్స్ షీట్ రాసేటప్పటికి ఆ అభిప్రాయం నాకు కొంత సడలింది.

మొదటి చిక్కు ఆ 250 కోట్ల నష్టం ఎక్కడికి పోయిందన్నది. బదిలీ జరిగిన ఏడాది పుస్తకాలు నగదు పద్ధతిలో ముగిసిపోయాయి, అందులో లాభమే ఉంది. మూడేళ్ల తర్వాత అక్రూవల్‌కు మారిన రోజు 898 కోట్ల బాకీని మొదటిసారి పుస్తకాల్లోకి తెస్తాం. నియమం ప్రకారం దీన్ని ఏ ఏటి ఖర్చులోనూ చూపించరు. ప్రారంభ నికర ఆస్తుల్లోంచి నేరుగా తీసేస్తారు. ప్రభుత్వ రంగానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణాలు ఇప్సాస్‌లో తొలిసారి మారేవాళ్ల కోసం ఉన్న 33వ ప్రమాణం చెప్పేది అదే. దీనికి కారణం సబబే, పాత ఏళ్ల బరువును కొత్త ఏడాది మీద వేయకూడదు. కానీ ఫలితం చూడండి. పాత పుస్తకంలో 600 కోట్లు రాబడిగా పడ్డాయి. కొత్త పుస్తకంలో నష్టం ఖర్చు పట్టికలో ఎక్కడా పడలేదు. ఏ సంవత్సరపు లోటులోనూ, ఏ మంత్రి హయాంలోనూ ఆ 250 కోట్లు లేవు. రెండు పద్ధతుల మధ్య ఉన్న సందులోంచి జారిపోయాయి. మారే తేదీకి ముందు నాలుగైదేళ్లలో ప్రభుత్వం ఏమేం నెత్తికెత్తుకుందో ప్రత్యేకంగా వెతకాలని నేను పట్టుబట్టేది ఇందుకే. పద్ధతి మారబోతోందని తెలిసిన ప్రభుత్వానికి బాకీలు తీసుకోవడానికి అంతకన్నా అనువైన సమయం ఉండదు.

రెండో చిక్కు డిస్కౌంట్ రేటు. ఇరవై ఏళ్ల తర్వాత ఇవ్వాల్సిన 100ను ఇవాళ్టి విలువలోకి తెచ్చేటప్పుడు 1.5 శాతం రేటు వాడితే 74 అవుతుంది, 4 శాతం వాడితే 46 అవుతుంది. ఇవ్వాల్సిన 100 మాత్రం మారలేదు. ఉద్యోగుల ప్రయోజనాల మీద ఉన్న ఇప్సాస్ 39, ఈ రేటు డబ్బు కాలవిలువను చూపించాలని చెప్తుంది. దానికి ప్రభుత్వ బాండ్ల రాబడిని వాడాలా, నాణ్యమైన కంపెనీ బాండ్లదా, ఇంకేదైనానా అన్నది లెక్క రాసే సంస్థ విచక్షణకు వదిలేస్తుంది. మేము ఆ ప్రభుత్వపు దీర్ఘకాలిక బాండ్ల రాబడి తీసుకున్నాం, అప్పటికి 4 శాతం. తర్వాతి ఏడాది మార్కెట్లో అది 5కి ఎగబాకింది. ఆ ఒక్క శాతానికే 898 కోట్ల బాకీ సుమారు 780 కోట్లకు దిగుతుంది. ఒక్క పింఛనుదారుడికీ ఒక్క పైసా తగ్గకుండానే 118 కోట్లు ఆవిరైపోయాయి.

పైగా ఆ 118 కోట్లు ఆ ఏటి మిగులు, లోటు పట్టికలో కనబడవు. అంచనాలు మారడం వల్ల వచ్చే లాభనష్టాలను ఇప్సాస్ 39 నేరుగా నికర ఆస్తుల్లోకి పంపుతుంది. పట్టిక రేట్ల గాలికి ఊగిపోకుండా ఉండటానికి పెట్టిన ఏర్పాటు ఇది. కానీ బ్యాలెన్స్ షీట్ ఒక్కటే చూసే పాఠకుడికి ప్రభుత్వం బాకీ తీర్చేసినట్టు కనిపిస్తుంది. బ్రిటన్ ప్రభుత్వం మొత్తాన్ని కలిపి ఇచ్చే లెక్కల్లో ఇది కళ్లకు కట్టినట్టు జరిగింది. 2022 మార్చిలో సుమారు 2.6 లక్షల కోట్ల పౌండ్లుగా ఉన్న ప్రభుత్వోద్యోగుల నికర పింఛను బాకీ, 2023 మార్చికి సుమారు 1.4 లక్షల కోట్లకు పడిపోయింది. ప్రధాన కారణం రేటు 1.55 శాతం నుంచి 4.15 శాతానికి పెరగడం.

నగదు లెక్కకు ఇక్కడ ఒక గౌరవం ఇవ్వాలి. ఇచ్చిన 40 కోట్లను ఏ రేటుతోనూ 34 చేయలేరు. నగదు పద్ధతిలో మోసం చేయాలంటే తేదీలతోనే చేయాలి: రావాల్సింది ముందుకు లాగడం, ఇవ్వాల్సింది తర్వాతి ఏడాదికి నెట్టడం. అక్రూవల్‌లో అయితే అంచనాలతో చేయొచ్చు. మొదటిది ఏడాది తిరిగేసరికి బయటపడుతుంది. రెండోది బయటపడటానికి ఒక తరం పట్టవచ్చు.

మూడో చిక్కు నాకు అన్నిటికన్నా పెద్దది. 898 అనే ఒక్క అంకె, డబ్బు ఎప్పుడు కావాలో చెప్పదు. యాక్చువరీ లెక్క లోపల ప్రతి ఏటికీ ఒక చెల్లింపు ఉంటుంది. వాటిని కుదించి ఒకే అంకె చేస్తారు. ఆ లోపలి వరుస మాకు ఇవ్వమని అడిగాం. ఈ ఏడాది 43 కోట్లు. ఏటా కొద్దికొద్దిగా పెరిగి 12వ ఏట 52 కోట్లు. అక్కడినుంచి నిదానంగా దిగుతూ అరవై ఏళ్ల దాకా సాగుతుంది. కుదించకుండా కూడితే 1,800 కోట్ల పైచిలుకు. బడ్జెట్ రాసేవాడికి కావాల్సింది ఈ వరుస. 898 అన్న అంకెతో అతను చేయగలిగింది ఏమీ లేదు. చట్టసభ ఇప్పటికీ నగదు మీదే కేటాయింపులు ఆమోదిస్తుంది కాబట్టి, 56 కోట్ల అక్రూవల్ ఖర్చు మీద ఓటింగు జరగదు. బడ్జెట్ నగదులో, లెక్కలు అక్రూవల్‌లో ఉన్న చోట రెండోది ఆడిటర్ల పఠనానికే మిగిలిపోతుంది. న్యూజిలాండ్ 1989 నాటి చట్టంతో లెక్కల్నే కాక కేటాయింపుల్ని కూడా అక్రూవల్ వైపు తిప్పడం వెనక ఉన్న ఆలోచన ఇదే.

ఇంకొకటి, బృందంలో ఒక కుర్రాడు లేవనెత్తిన ప్రశ్న. ఆ ప్రభుత్వానికి ఈ 9,000 మంది పింఛనుతో పాటు, చట్టం ప్రకారం వృద్ధులందరికీ ఇచ్చే పింఛను కూడా ఉంది. దాని మీద ఏటా అయ్యే ఖర్చు దీనికి ఎన్నో రెట్లు. "దాన్ని ఎంతకు రాద్దామండీ?" అని అడిగాడు. జవాబు వింటే అతనికి నమ్మబుద్ధి కాలేదు. సామాజిక ప్రయోజనాల మీద ఉన్న ఇప్సాస్ 42 మామూలు పద్ధతి ప్రకారం, అర్హత నిబంధనలన్నీ తీరినవాళ్లకు తర్వాత ఇవ్వాల్సిన ఒక్క వాయిదా వరకే బాకీ. నెలనెలా ఇచ్చే పింఛనైతే ఒక నెల సొమ్ము. ప్రతి నెలా బతికి ఉండటం కూడా ఒక అర్హత నిబంధనే అన్నది దాని వాదన. కాబట్టి ఆ తర్వాతి నెలల బాధ్యత ఇంకా పుట్టలేదు. ఉద్యోగి పింఛను విషయంలో అదే మనిషి బతుకుతాడని అరవై ఏళ్ల దాకా లెక్కగడతాం, అక్కడ బతికి ఉండటం కొలతకు సంబంధించిన అంచనా మాత్రమే.

ఈ తేడాకు సమర్థన ఉంది. ఉద్యోగి పని చేసి సంపాదించుకున్నాడు, అది మార్పిడి. పౌరుడికి ఇచ్చేది చట్టం మారితే మారుతుంది, దానికి ఎదురుగా భవిష్యత్తులో పన్నులు వేసే అధికారం ఉంది, ఆ అధికారాన్ని ఆస్తిగా ఎవరూ రాయరు. నేను ఈ వాదనను సగమే ఒప్పుకుంటాను. బ్యాలెన్స్ షీట్‌లో రాయకపోవడం సరే. కానీ చూసేవాళ్లకు 898 కోట్లు కొండలా, దానికన్నా ఎన్నో రెట్ల వాగ్దానం ఒక నెల బిల్లులా కనిపిస్తాయి. పింఛను బాకీ పెద్దదని గగ్గోలు పెట్టేవాళ్లు తరచూ ఉద్యోగుల వైపే వేలు చూపించడానికి ఒక కారణం, లెక్కలో కనబడేది వాళ్లే కావడం. దీర్ఘకాలిక ఆర్థిక అంచనాల నివేదికను లెక్కలకు జతచేయమని మేము సిఫారసు చేశాం. ఆ ఏడాదికి సమయం లేదన్నారు.

ఆఖరికి మేము చేయగలిగింది అనుబంధ వివరణల్లో మూడు పేజీలు. మొదటి పేజీలో బదిలీ ఒప్పందం, వచ్చిన 600 కోట్లు, ఆనాటి 850 కోట్లు, ఏ ఏటి పట్టికలోనూ పడని 250 కోట్లు, మాటల్లో విడమరిచి రాశాం. రెండో పేజీలో రేటు ఒక శాతం అటూ ఇటూ అయితే బాకీ ఎంత మారుతుందో, అప్పుడు కూడా చెల్లింపుల వరుస మారదన్న ఒక వాక్యంతో సహా. మూడో పేజీలో ఆ వరుస: మొదటి పదిహేనేళ్లకు ఏటేటా, తర్వాత అయిదేళ్ల చొప్పున.

మొదటి పేజీ మీద చాలా గొడవ జరిగింది. పాత లెక్కల్ని తప్పుపట్టినట్టు ఉంటుందన్నారు. తప్పని ఎక్కడా రాయలేదని, 'ఇతర రాబడి' అన్న పద్దు పేరును యథాతథంగా ఎత్తి రాశామని చూపించాం. మూడుసార్లు తిరిగొచ్చాక ఆ పేజీ ఉండనిచ్చారు. ఒక్క మార్పు అడిగారు: 250 పక్కన 'నష్టం' అన్న మాట తీసి 'తేడా' అని పెట్టమన్నారు. పెట్టాం.

600 కోట్లు ఏమయ్యాయని నేను ఖజానా లెడ్జర్‌లో వెతికాను. విడిగా ఏ ఖాతాలోనూ లేవు. ఉమ్మడి నిధిలో కలిసి, వచ్చిన నాలుగు నెలల్లోనే జీతాలకూ, కాంట్రాక్టర్ల పాత బిల్లులకూ వెళ్లిపోయాయి. పన్నెండో ఏట 52 కోట్లు కట్టాల్సినప్పుడు దానికోసం పక్కన పెట్టిందంటూ ఏమీ లేదని మూడో పేజీ అడుగున ఒక లైను చేర్చాం. దాన్ని ఎవరూ కొట్టేయలేదు, బహుశా అంతదాకా చదవలేదేమో.